కఠినంగా పెంచితే ఏమవుతుంది? ఒక్కో పరిశోధన ఒక్కోలా ఎందుకు చెబుతుంది?

పిల్లల పెంపకం గురించి పత్రికల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, రీల్స్‌లో రెండు రకాల మాటలు పక్కపక్కనే తిరుగుతుంటాయి. స్ట్రిక్ట్‌గా పెంచితే పిల్లలు కుంగిపోతారని, అబద్ధాలు నేర్చుకుంటారని ఒక మాట. అమెరికాలో ఆసియా కుటుంబాల పిల్లలు చదువులో ముందుంటున్నారంటే తల్లిదండ్రులు పట్టుబట్టి చదివించడమే కారణమని ఇంకో మాట. రెండింటి వెనకా 'పరిశోధనలో తేలింది' అన్న ముక్క ఉంటుంది. ఆశ్చర్యమేమిటంటే, నాలుగు దశాబ్దాల కిందటి ఒకే సర్వేలో ఈ రెండు మాటలకూ ఆధారం దొరుకుతుంది.

సంక్షిప్తంగా

కఠినమైన పెంపకం పిల్లలపై చూపే ప్రభావం సంస్కృతిని బట్టి కొంత మారుతుంది కానీ, జనంలో ప్రచారమైనంతగా మారదు. కనిపించే తేడాల్లో కొంత భాగం నిజమైనది. మరికొంత భాగం మాత్రం ప్రశ్నాపత్రం వేర్వేరు విషయాలను ఒకే పేరు కింద కలిపేయడం వల్ల, జవాబిచ్చేవాళ్లు తమను ఎవరితో పోల్చుకుంటారన్న దాని వల్ల, కారణమేదో ఫలితమేదో తేలకపోవడం వల్ల పుట్టింది.

## బర్కిలీలో పెట్టిన పేర్లు

పెంపకాన్ని రకాలుగా విడగొట్టే పద్ధతికి ఆద్యురాలు డయానా బామ్రిండ్. కాలిఫోర్నియాలోని బర్కిలీలో 1960లలో ఆమె నర్సరీ వయసు పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను దగ్గరగా గమనించి మూడు శైలులను గుర్తించారు. చెప్పింది చెప్పినట్టు చేయాలి, ఎందుకని అడగకూడదు అనేది కఠిన శైలి (అథారిటేరియన్). నియమాలు గట్టిగానే ఉంటాయి కానీ కారణం చెబుతారు, పిల్లల మాట వింటారు అనేది సమతుల శైలి (అథారిటేటివ్). అడిగిందల్లా ఇచ్చి, హద్దులు పెట్టకుండా వదిలేది గారాబం శైలి (పర్మిసివ్). సమతుల శైలి ఇళ్ల పిల్లలే ఎక్కువ స్వతంత్రంగా, కలుపుగోలుగా, నిబ్బరంగా కనిపించారు.

1983లో ఎలినార్ మకోబీ, జాన్ మార్టిన్ ఈ మూడింటినీ రెండు కొలతల మీదికి తెచ్చారు. పిల్లల అవసరాలకు ఎంత స్పందిస్తారు అనేది ఒకటి, వాళ్ల నుంచి ఎంత ఆశిస్తారు అనేది రెండోది. రెండూ ఎక్కువైతే సమతుల శైలి, రెండూ తక్కువైతే అసలు పట్టించుకోని శైలి. అలా నాలుగో గడి చేరింది. ఈ పట్టిక చూడటానికి ఎంత తేలికగా ఉందంటే, ప్రపంచంలో ఏ మూల పరిశోధన చేసినా దీన్నే వాడటం మొదలైంది.

బామ్రిండ్ చూసిన కుటుంబాలు ప్రధానంగా తెల్లజాతి మధ్యతరగతివి. ఈ పరిమితి ఆమెకూ తెలుసు. కొద్దిపాటి నల్లజాతి కుటుంబాల మీద చేసిన పరిశీలనను ఆమె 1972లో ప్రచురించారు. అందులో కఠిన శైలి ఇళ్ల ఆడపిల్లలు బెదురుగా కాక, ధైర్యంగా, స్వతంత్రంగా కనిపించారు. చిన్న నమూనా కాబట్టి దాన్నుంచి పెద్ద నిర్ధారణ చేయలేం. కానీ శైలికి పెట్టిన పేరు ఒకటే అయినా ఆ పేరు కింద జరిగేది అన్ని ఇళ్లలో ఒకటి కాకపోవచ్చన్న అనుమానం అప్పుడే పడింది.

## 1987 సర్వేలో అతకని లెక్క

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా హైస్కూళ్లలో శాన్‌ఫోర్డ్ డోర్న్‌బుష్, ఆయన సహచరులు సుమారు 7,800 మంది విద్యార్థులతో సర్వే చేసి 1987లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం మీద చూస్తే ఊహించినట్టే వచ్చింది. కఠిన శైలి, గారాబం శైలి ఉన్నచోట మార్కులు తక్కువ, సమతుల శైలి ఉన్నచోట ఎక్కువ.

జాతుల వారీగా విడదీసినప్పుడు లెక్క తిరగబడింది. ఆసియా మూలాల విద్యార్థులు తమ ఇళ్లలో కఠిన శైలి ఎక్కువని, సమతుల శైలి తక్కువని చెప్పారు. సిద్ధాంతం ప్రకారం వాళ్ల మార్కులు పడిపోవాలి. కానీ అవే ఎక్కువగా ఉన్నాయి.

ఈ చిక్కును విప్పడానికి రెండు దారుల్లో ప్రయత్నాలు జరిగాయి. మొదటిది, ఇంటి బయటికి చూడటం. లారెన్స్ స్టైన్‌బర్గ్, డోర్న్‌బుష్, బ్రాడ్‌ఫోర్డ్ బ్రౌన్ 1992లో చెప్పింది ఇదే. ఆసియా విద్యార్థుల స్నేహితులు చదువును గౌరవించే బృందాలుగా ఉండేవారు, కలిసి చదువుకునేవారు. పైగా సరిగ్గా చదవకపోతే మంచి ఉద్యోగం రాదన్న భయం ఈ విద్యార్థుల్లో మిగతావాళ్లకంటే ఎక్కువ. అంటే ఇంట్లో కఠినత్వం మార్కులను పెంచిందని కాదు. దాని నష్టాన్ని స్నేహితుల సహవాసం, భవిష్యత్తు మీద ఉన్న అంచనా పూడ్చేశాయి. 'స్ట్రిక్ట్‌గా ఉంటేనే ర్యాంకులు' అని ఈ సర్వేని చూపించేవాళ్లు వదిలేసే భాగం ఇదే.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. ఆ కాలపు అమెరికా సర్వేల్లో 'ఏషియన్' అన్న ఒక్క గడిలో చైనా, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్, వియత్నాం మూలాల వాళ్లంతా పడేవారు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో అదే ప్రాంతానికి పెద్దసంఖ్యలో చేరిన తెలుగు కుటుంబాలకు ఆ ఫలితాన్ని నేరుగా అంటగట్టడం తొందరపాటు.

## పట్టు వెనక ఏముంది?

రెండో దారి, ప్రశ్నాపత్రాన్నే అనుమానించడం. రూత్ చావో 1994లో ప్రచురించిన అధ్యయనం ఈ దిశలో ఇప్పటికీ మూలస్తంభం. లాస్‌ఏంజెలెస్ ప్రాంతంలో 50 మంది చైనీస్ వలస తల్లులను, 50 మంది ఐరోపా మూలాల అమెరికన్ తల్లులను ఆమె పోల్చారు. అందరి పిల్లలూ బడికి ముందు వయసువాళ్లు. పాత ప్రశ్నలు అడిగితే చైనీస్ తల్లులకు కఠినత్వంలో ఎక్కువ స్కోరు వచ్చింది. అందులో కొత్తేమీ లేదు.

కానీ చావో ఇంకొన్ని ప్రశ్నలు చేర్చారు. చిన్నప్పటి నుంచే కష్టపడటం నేర్పాలా? బిడ్డ ఎప్పుడూ తల్లి సంరక్షణలోనో కుటుంబ సంరక్షణలోనో ఉండాలా? బిడ్డ చదువు కోసం తల్లి తనవన్నీ పక్కనపెట్టాలా? ఈ రకమైన భావాల సమాహారాన్ని ఆమె 'శిక్షణ' అన్నారు. ఆ తర్వాత గణాంక పద్ధతిలో రెండు గుంపుల మధ్య కఠినత్వంలో ఉన్న తేడాను సరిచేసి చూశారు. అలా సరిచేశాక కూడా 'శిక్షణ' భావాల్లో చైనీస్ తల్లులు స్పష్టంగా ముందే ఉన్నారు. అంటే వాళ్ల పెంపకంలో పాత కొలబద్దకు అందని భాగం ఒకటుంది. ఆ కొలబద్ద పట్టును చూసింది, ఆ పట్టు చుట్టూ ఉన్న తపనను, దగ్గరితనాన్ని చూడలేదు.

బామ్రిండ్ దృష్టిలో కఠిన శైలి అంటే పట్టుతో పాటు ఆప్యాయత కొరత కూడా. అమెరికన్ మధ్యతరగతిలో ఈ రెండూ తరచూ కలిసే వస్తాయి కాబట్టి రెండింటినీ ఒక మూటగా కట్టినా పెద్ద నష్టం ఉండదు. ఈ మూట విడిపోయే చోట, అంటే పట్టు ఎక్కువగా ఉన్నా ఆప్యాయత తగ్గని చోట, అదే ప్రశ్నాపత్రం తప్పుడు పేరు పెడుతుంది. పక్కన కూర్చుని రాత్రి పదింటి దాకా లెక్కలు చేయించే తల్లి, చేయకపోతే నలుగురిలో పరువు తీసే తండ్రి, ఇద్దరూ 'చెప్పింది చేయాల్సిందే' అన్న ప్రశ్నకు 'అవును' అనే అంటారు. కాగితం మీద ఇద్దరిదీ ఒకే శైలి. పిల్లాడికి మాత్రం కాదు.

## ఎవరితో పోల్చుకుని జవాబిస్తారు?

ఇంకో ఇబ్బంది మరింత సూక్ష్మమైనది. 'మీరు మీ పిల్లల విషయంలో కఠినంగా ఉంటారా?' అని ఒకటి నుంచి ఐదు అంకెల్లో జవాబు అడిగితే, గుంటూరులో ఉన్న తల్లి చుట్టుపక్కల ఇళ్లతో పోల్చుకుని 'మూడు' అంటుంది. స్టాక్‌హోమ్‌లో ఉన్న తల్లి అక్కడి ఇళ్లతో పోల్చుకుని అదే 'మూడు' అంటుంది. అంకెలు ఒకటే, ఇళ్లలో జరిగేది ఒకటి కాదు. అందుకే దేశాల సగటు స్కోర్లను వరసగా పెట్టి 'ఫలానా దేశంలో కఠినత్వం ఎక్కువ' అనే పట్టికలను జాగ్రత్తగా చదవాలి. ఒకే ఊళ్లో, ఒకే తరగతి కుటుంబాల మధ్య పోలిక అయితే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

దీనికి తోడు వ్యత్యాసం చాలకపోవడం అనే సమస్య ఉంది. ఒక ప్రాంతంలో దాదాపు అన్ని ఇళ్లూ కఠినంగానే ఉంటే, అక్కడ కఠినత్వానికీ పిల్లల ప్రవర్తనకూ సంబంధం లెక్కల్లో బలహీనంగా వస్తుంది. కఠినత్వం హాని చేయలేదని దీనర్థం కాదు, పోల్చడానికి వేరే రకం ఇళ్లు తగినన్ని లేవని మాత్రమే. 'ఆ సంస్కృతిలో ప్రభావం లేదు' అని శీర్షిక పెట్టే ముందు ఆ నమూనాలో స్కోర్లు ఎంత దూరం పరుచుకున్నాయో చూడాలి. వార్తా కథనాల్లో ఈ వివరం దాదాపు ఎప్పుడూ ఉండదు.

## ఒకే సంస్కృతి లోపల చూస్తే

ఈ చిక్కులను తప్పించుకోవాలంటే ఒక సముదాయాన్ని మరో దాంతో పోల్చడం మానేసి, ఒకే సముదాయంలోని ఇళ్లను వాటితో వాటినే పోల్చాలి. సు యాంగ్ కిమ్ బృందం చేసింది అదే. ఉత్తర కాలిఫోర్నియాలోని 444 చైనీస్ అమెరికన్ కుటుంబాలను ఎనిమిదేళ్ల పాటు మూడు దశల్లో అనుసరించి, 2013లో ఫలితాలు ప్రచురించింది. పెంపకాన్ని ఒక మూటగా కాక, ఆప్యాయత, కారణం చెప్పడం, గమనిస్తూ ఉండటం, సిగ్గుపడేలా చేయడం, కోపంతో విరుచుకుపడటం వంటి భాగాలుగా విడివిడిగా కొలిచింది.

నాలుగు రకాల ఇళ్లు బయటపడ్డాయి. మంచి లక్షణాలు ఎక్కువగా, కరుకు లక్షణాలు తక్కువగా ఉన్నవి 'అండగా నిలిచే' ఇళ్లు. కరుకుదనం మాత్రమే ఎక్కువగా ఉన్నవి 'కరుకు' ఇళ్లు. రెండూ తక్కువగా ఉన్నవి 'తేలిగ్గా తీసుకునే' ఇళ్లు. ఆప్యాయత, కరుకుదనం రెండూ ఎక్కువగా కలిసి ఉన్నవి 'టైగర్' ఇళ్లు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది టైగర్ రకం కాదు, అండగా నిలిచే రకం. ఫలితాల్లోనూ అదే ముందుంది. దానితో పోలిస్తే టైగర్ ఇళ్ల పిల్లల్లో మార్కులు తక్కువ, చదువు టెన్షన్ ఎక్కువ, కుంగుబాటు లక్షణాలు ఎక్కువ, తల్లిదండ్రుల నుంచి దూరమైన భావన ఎక్కువ. కరుకు ఇళ్ల పిల్లల పరిస్థితి మరీ అధ్వానం.

చావో ఫలితానికి, దీనికి వైరుధ్యం లేదు. పట్టు వెనక ఆప్యాయత ఉండొచ్చని చావో చూపించారు. ఆప్యాయత ఉన్నంత మాత్రాన అవమానించడం, విరుచుకుపడటం వల్ల కలిగే నష్టం చెరిగిపోదని కిమ్ బృందం చూపించింది. నలుగురిలో 'పక్కింటి అబ్బాయిని చూసి నేర్చుకో' అనడం, హద్దు పెట్టడం రెండూ 'స్ట్రిక్ట్' అనే ఒకే మాట కింద చలామణి అవుతాయి. ఈ విభజన తెలుగు ఇళ్లలో చర్చకు ఎక్కువ పనికొచ్చేది అందుకే.

## దెబ్బలు అందరిళ్లలో ఉన్నవే అయితే?

సంస్కృతి నిజంగానే తేడా తెస్తుందనడానికి బలమైన ఆధారం దెబ్బల మీద జరిగిన పరిశోధనల్లో దొరుకుతుంది. జెనిఫర్ లాన్స్‌ఫోర్డ్ బృందం చైనా, భారత్, ఇటలీ, కెన్యా, ఫిలిప్పీన్స్, థాయిలాండ్‌లలో 336 తల్లీబిడ్డల జంటలను ప్రశ్నించి 2005లో ఫలితాలిచ్చింది. తల్లి ఎంత తరచుగా కొడుతుంది అన్నదే కాక, 'మీ చుట్టూ మిగతా తల్లులు ఎంత కొడతారు' అని కూడా తల్లులనూ పిల్లలనూ అడిగారు.

కొట్టడం అరుదైన దేశంలో, కొట్టే తల్లి బిడ్డలో దూకుడు, ఆందోళన స్పష్టంగా ఎక్కువ. కొట్టడం మామూలైన దేశంలో ఆ సంబంధం పలచబడింది. దీని వెనక పిల్లల మనసులో జరిగే ఒక లెక్క ఉండొచ్చని పరిశోధకుల వివరణ. అందరి అమ్మలూ కొడుతుంటే బిడ్డ దాన్ని 'అమ్మలు ఇలాగే ఉంటారు' అని తీసుకుంటుంది. తన ఒక్క అమ్మే కొడితే 'నేనంటే ఇష్టం లేదు' అనుకుంటుంది. దెబ్బ ఒకటే, బిడ్డకు అందే అర్థం వేరు.

అయితే ఈ అధ్యయనాన్ని సగమే చెప్పేవాళ్లు ఎక్కువ. సంబంధం పలచబడింది కానీ మాయం కాలేదు. ఆరు దేశాల్లోనూ ఎక్కువ కొట్టిన చోట దూకుడు, ఆందోళన ఎక్కువగానే ఉన్నాయి. 'మన దగ్గర అలవాటే, ఏం కాదు' అనడానికి ఈ ఫలితం ఆధారం ఇవ్వదు.

ఈ తర్కాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లొచ్చు. 'మామూలు' అన్నది స్థిరంగా ఉండదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడుల్లో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. అమలు ఎలా ఉన్నా, దెబ్బ తప్పన్న సంగతి పిల్లలకు చేరుతోంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగే తెలుగు పిల్లలకు 'మామూలు' అంటే అమ్మమ్మ ఊళ్లో జరిగేది కాదు, క్లాసులో పక్కన కూర్చున్న పిల్లల ఇళ్లలో జరిగేది. తల్లిదండ్రులు ఒక కొలతతో పెంచుతుంటే పిల్లలు ఇంకో కొలతతో దాన్ని అర్థం చేసుకునే పరిస్థితి ఇది.

## ఎవరు ఎవరిని మారుస్తున్నారు?

ఇప్పటిదాకా చెప్పిన అధ్యయనాలన్నీ పరిశీలనలే. పిల్లలను లాటరీ తీసి కఠినమైన ఇళ్లకు, మెతకైన ఇళ్లకు పంచడం కుదరదు కదా. అందువల్ల కఠినత్వం వల్ల అల్లరి పెరిగిందా, అల్లరి వల్ల కఠినత్వం పెరిగిందా అన్నది తేల్చడం కష్టం. పిల్లలు కూడా తల్లిదండ్రులను మలుస్తారని రిచర్డ్ బెల్ 1968లోనే ఎత్తిచూపారు. ఒకే ఇంట్లో నెమ్మదస్తురాలైన పెద్దమ్మాయికి, దుడుకైన చిన్నోడికి తల్లి వేర్వేరు తల్లిగా ఉండటం కొత్త సంగతేం కాదు. ఏళ్ల తరబడి ఒకే కుటుంబాలను అనుసరించిన అధ్యయనాల్లో ప్రభావం రెండు వైపులా కనిపించింది.

స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో ప్రచురించిన పని దీనికి మంచి ఉదాహరణ. అంతకుముందు, పిల్లలు ఎక్కడికెళ్తున్నారో ఎవరితో తిరుగుతున్నారో తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు దారి తప్పరని పరిశోధనలు చెప్పేవి. దాన్ని 'నిఘా పనిచేస్తుంది' అని అర్థం చేసుకున్నారు. ఈ ఇద్దరూ 14 ఏళ్ల పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను అడిగి, ఆ సమాచారం ఎలా తెలిసిందో విడదీశారు. ప్రధానంగా తెలిసింది నిఘా వల్ల కాదు, పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల. దశాబ్దాలుగా తల్లిదండ్రుల ఖాతాలో వేసిన మార్కుల్లో పెద్ద భాగం పిల్లల ఖాతాలోకి, వాళ్ల మధ్య ఉన్న చనువు ఖాతాలోకి మారింది. ఫోన్‌లో లొకేషన్ ట్రాకింగ్ పెడితే సరిపోతుందనుకునే ఇళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

## తేడా ఎంత పెద్దది?

మార్టిన్ పింక్వార్ట్, రుబీనా కౌసర్ 2018లో 428 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. ప్రపంచంలోని ప్రాంతాలను వేరుచేసి చూసినా, ప్రతిచోటా సమతుల శైలికి కనీసం ఒక మంచి ఫలితంతో, కఠిన శైలికి కనీసం ఒక చెడ్డ ఫలితంతో సంబంధం కనిపించింది. ప్రాంతాల మధ్య తేడాలు ఉన్నాయి కానీ పోలికలే ఎక్కువ. ఇది ఒక్కటే కథ ముగించదు. స్పెయిన్‌లో గార్సియా, గ్రాసియా 2009లో చేసిన అధ్యయనంలో గారాబం శైలి కూడా సమతుల శైలికి తీసిపోలేదు. కొన్ని కొలతల్లో దానికంటే మెరుగ్గా కూడా వచ్చింది.

ఈ సంబంధాలు ఎంత బలమైనవన్నది ఇంకా ముఖ్యం. సంబంధం అసలు లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1 అని చెప్పే అంకెను సహసంబంధం అంటారు. ఇలాంటి సంకలనాల్లో అది సాధారణంగా 0.1 నుంచి 0.2 మధ్య తిరుగుతుంది. 0.15 అనుకుందాం. పిల్లలందరినీ పెంపకం స్కోరు బట్టి సగంగా, మార్కుల బట్టి సగంగా విడగొడితే, మెరుగైన పెంపకం సగంలోని ప్రతి 100 మందిలో సుమారు 55 మంది మార్కుల్లో పై సగంలో ఉంటారు. రెండో సగంలోని 100 మందిలో సుమారు 45 మంది ఉంటారు. లక్షల పిల్లలున్న రాష్ట్రానికి ఇది లెక్కలోకి తీసుకోవాల్సిన తేడా. ఒక ఇంటికి మాత్రం జోస్యం చెప్పేంత తేడా కాదు. స్ట్రిక్ట్‌గా పెంచితే బాగుపడ్డవాళ్లు, ప్రేమగా పెంచినా తడబడ్డవాళ్లు ప్రతి బంధువర్గంలోనూ కనిపించడానికి కారణం ఇదే. ఆ ఉదాహరణలు పరిశోధనను కాదనవు, రుజువూ చేయవు.

## తెలుగు ఇళ్లలో కొలవాలంటే

పెంపకం ప్రశ్నాపత్రాలు సాధారణంగా ఒక విషయాన్ని ముందే అనుకుంటాయి: బిడ్డ తల్లిదండ్రులతో ఉంటుంది, నియమాలు పెట్టేది వాళ్లే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంటర్మీడియట్ వయసులో పెద్దసంఖ్యలో పిల్లలు రెసిడెన్షియల్ కాలేజీ హాస్టళ్లలో ఉంటారు. నిద్రలేచే టైమ్, చదివే టైమ్, ఫోన్‌కు అనుమతి అన్నీ నిర్ణయించేది వార్డెన్, టైమ్‌టేబుల్. వారానికోసారి ఫోన్‌లో ఆప్యాయంగా మాట్లాడే తండ్రికి ప్రశ్నాపత్రంలో సమతుల శైలి స్కోరు రావచ్చు. కానీ ఆ బిడ్డ బతుకుతున్నది కఠినమైన పట్టు కిందే. ఆ పట్టును తండ్రి డబ్బు కట్టి బయటి సంస్థకు అప్పజెప్పాడు. 1960ల బర్కిలీ పట్టికలో దీనికి గడి లేదు.

ఉమ్మడి కుటుంబంలో సమస్య వేరే రూపంలో వస్తుంది. నాన్న గదిమితే నాయనమ్మ వెనకేసుకొస్తుంది, అమ్మ వద్దన్నది మేనమామ కొనిపెడతాడు. ఒక్కొక్కరిని విడిగా కొలిస్తే ఒకరు కఠినం, ఒకరు గారాబం. బిడ్డకు అందేది ఈ అందరి మొత్తం. అందువల్ల ఇక్కడ పనికొచ్చే అధ్యయనం 'ఎవరు నియమం పెట్టారు, ఎవరు అమలు చేశారు, ఎవరు ఓదార్చారు' అని ముగ్గురిని విడివిడిగా అడగాలి. ఆ జవాబు తల్లిదండ్రుల నుంచే కాక, బిడ్డ నుంచి కూడా తీసుకోవాలి. ఇద్దరూ ఒకే ఇంటి గురించి చెప్పేది చాలాసార్లు పొంతన కుదరదు. పిల్లల కుంగుబాటును, దూకుడును అంచనా వేసేటప్పుడు ఈ పొంతన లేకపోవడాన్ని కూడా ఒక సమాచారంగానే నమోదు చేయాల్సి ఉంటుంది.